ఇయర్ ప్లాన్ నుంచి రోజు పాఠం దాకా దారం తెగకుండా

ప్రశ్న: నేను ఏడో తరగతికి లెక్కలు చెబుతాను. సంవత్సరం మొదట్లో సిలబస్‌ని నెలలకి పంచి ఇయర్ ప్లాన్ రాస్తాను. దాన్నుంచి టర్మ్ ప్లాన్, వారం ప్లాన్, రోజువారీ లెసన్ ప్లాన్ అన్నీ రాసి ఇస్తాను. రెండో నెల దాటేసరికి కాగితం మీద ఉన్నదానికీ క్లాసులో జరిగేదానికీ పొంతన ఉండదు. పోయినసారి శాతాలు మొదలుపెట్టాక చూస్తే పిల్లలకి భిన్నాలే గుర్తు లేవు. చివరి రెండు పాఠాలు ప్రతి ఏడూ పరుగే. కొత్త సంవత్సరానికి ప్లాన్ వేసుకోవాలి. నాలుగు ప్లాన్లూ ఒకదానికొకటి అతికేలా ఎలా రాయాలి?

జవాబు:

టీచర్ గారూ, మీరు సిలబస్‌ని నెలలకి పంచారు. చిక్కు అక్కడే మొదలైంది. పాఠాల పేర్లని కాలెండర్ గడుల్లో సర్దితే అది ఎప్పుడు ఏ పేజీలో ఉండాలో మాత్రమే చెబుతుంది. ఏ పాఠం దేని మీద నిలబడుతుందో చెప్పదు. ఆ సంగతి పై ప్లాన్‌లో లేకపోతే కింది ప్లాన్లలోకి దానంతట అది రాదు. కాబట్టి ముందు రాయాల్సింది ఆధారాల పటం. అంటే ఏ పాఠానికి ఏ పాత పాఠంలోని ఏ నైపుణ్యం కావాలో రాసుకున్న ఒక పేజీ. మీరు శాతాల మాట ఎత్తారు కాబట్టి దాన్నే పట్టుకుని మొదటినుంచి చివరిదాకా చేసి చూపిస్తాను. మిగతా పాఠాలకీ ఇదే పద్ధతి.

శాతాలకి ముందు నాలుగు విషయాలు వచ్చి ఉండాలి. ఒకటి, సమాన భిన్నాలు. ముఖ్యంగా హారాన్ని 100 చేయడం. రెండు, ఒక సంఖ్యలో భిన్నం ఎంతో కనుక్కోవడం, అంటే 60లో 3/4 ఎంత లాంటివి. మూడు, దశాంశాల్లో నూరో వంతు స్థానం. నాలుగు, నిష్పత్తిలో వచ్చే 'దేనితో పోలుస్తున్నాం' అన్న ఆలోచన. ఇప్పుడు శాతాల మీద ఏవి నిలబడతాయో కూడా రాయండి. లాభనష్టాలు, వడ్డీ. 'భిన్నాలు తెలిసి ఉండాలి' అని రాస్తే సరిపోదని గమనించండి. భిన్నాల కూడికలు, భాగహారాలు శాతాల మొదటి వారానికి అక్కర్లేదు. సమాన భిన్నాలు మాత్రం రాకపోతే పాఠం కదలదు. పటంలో పాఠం పేరు కాదు, ఆ ఒక్క నైపుణ్యం రాయాలి.

ఇక పీరియడ్ల లెక్క. వారానికి 5 పీరియడ్లు, పరీక్షలతో కలిపి 36 వారాలు, మూడు టర్మ్‌లు అనుకుందాం. టర్మ్‌కి ఒక వారం పరీక్షలకి పోతే 33 వారాలు మిగులుతాయి. చాలామంది ఇక్కడ 33ని 5తో హెచ్చించి 165 పీరియడ్లు అని రాసుకుంటారు. అలా రాసిన రోజే ప్లాన్ తప్పిపోయింది. మీరు మాత్రం వారానికి 4 పీరియడ్లే పంచండి, ఐదోది ఖాళీగా ఉంచండి. 33 వారాలకి 132. పాఠాలన్నీ ఈ 132లోనే పట్టాలి. ఆ ఐదో పీరియడ్‌కి ఏ పాఠం పేరూ రాయకూడదు. కార్యక్రమాలకి పోయే పీరియడ్లు, మీ సెలవులు, పిల్లలకి అర్థంకాక మళ్లీ చెప్పాల్సినవి అన్నీ దాన్లోంచే వెళ్తాయి. పోయిన ఏడాది మీ డైరీ తీసి నిజంగా ఎన్ని పీరియడ్లు పోయాయో లెక్కపెట్టండి. వారానికి ఒకటి కంటే ఎక్కువ పోతుంటే 4 కూడా పంచకండి. ఆ సంఖ్య చూస్తే భయం వేస్తుంది గానీ నిజంగా మీ చేతిలో ఉన్నది అదే.

పాఠాలు మొత్తం 12 అనుకుంటే, 132ని 12తో భాగిస్తే 11 వస్తుంది. కానీ అన్నింటికీ తలా 11 ఇవ్వకూడదు. పటంలో ఏ పాఠం మీద ఎక్కువ పాఠాలు నిలబడ్డాయో దానికి ఎక్కువ పీరియడ్లు దక్కాలి. నేనైతే మొదటి టర్మ్‌లోని 44 పీరియడ్లలో పూర్ణ సంఖ్యలకి 9, భిన్నాలకి 15, దశాంశాలకి 11, రేఖలు-కోణాలకి 9 ఇస్తాను. రెండో టర్మ్‌లో నిష్పత్తి-అనుపాతానికి 8, శాతాలకి 12, లాభనష్టాలు-వడ్డీకి 12, త్రిభుజాలకి 12.

ఇలా రాయగానే మీ పోయినసారి ఇబ్బంది ఎక్కడ పుట్టిందో కాగితం మీదే కనబడుతుంది. వారానికి 4 లెక్కన భిన్నాలు ఆరో వారంలో అయిపోతాయి. మొదటి టర్మ్ పరీక్షల వారాన్ని కూడా కలుపుకుంటే శాతాలు మొదలయ్యేది పదిహేనో వారంలో. మధ్యలో ఎనిమిది వారాలు. దశాంశాల్లో కొంచెం తగిలినా 60లో 3/4 లాంటి లెక్క ఆ రెండు నెలల్లో పిల్లలకి దాదాపు ఎదురుకాదు. మరిచిపోయారంటే తప్పు వాళ్లది కాదు, ప్లాన్‌లో ఆ ఎనిమిది వారాల మీద ఏమీ రాసి లేదు. ఇయర్ ప్లాన్‌లో ఇలాంటి పెద్ద ఎడాలన్నింటి కిందా ఎర్ర గీత పెట్టుకోండి. పాఠాల వరుస మార్చే వీలుంటే కొన్ని తగ్గుతాయి. మిగిలినవాటి సంగతి వారం ప్లాన్‌లో చూడాలి. ఎలాగో కొంచెం ముందుకెళ్లాక చెబుతాను.

టర్మ్ ప్లాన్ అంటే ఇయర్ ప్లాన్‌లోంచి నాలుగు వరుసలు కత్తిరించి వేరే కాగితం మీద అతికించడం కాదు. ఇయర్ ప్లాన్ తేల్చని రెండు విషయాలు ఇక్కడ తేలాలి. మొదటిది, టర్మ్ చివర్లో పిల్లలు ఎవరి సాయమూ లేకుండా చేయాల్సిన లెక్కలు. వీటిని టర్మ్ మొదలుకాక ముందే అంకెలతో సహా రాసి పెట్టుకోండి. శాతాలకి నేను మూడు రాస్తాను. 240 మంది పిల్లల్లో 35 శాతం మంది ఆటల్లో చేరితే చేరనివాళ్లు ఎంతమంది? 24కి 18 వస్తే ఎంత శాతం? ఒక సంఖ్యలో 40 శాతం 60 అయితే ఆ సంఖ్య ఎంత? జవాబులు 156, 75 శాతం, 150. చూడటానికి మూడూ శాతాల లెక్కలే. కానీ మొదటిదాంట్లో భాగం కనుక్కోవాలి, రెండోదాంట్లో శాతం, మూడోదాంట్లో మొత్తం. ప్లాన్‌లో 'శాతాలు: 12 పీరియడ్లు' అని మాత్రమే ఉంటే మూడో రకం ఎప్పుడూ ఆఖరి రోజుకి వెళ్లి హడావిడిలో పోతుంది. లెక్కలు ముందే రాసి ఉంటే దానికీ ఒక చోటు దొరుకుతుంది. ఇంకో సంగతి కూడా బయటపడుతుంది. సమీకరణాలు మూడో టర్మ్‌లో ఉన్నాయి కాబట్టి ఈ మూడో లెక్కని x పెట్టి చేయించలేరు. ఏకవస్తు పద్ధతిలో చేయించాలి. 40 శాతానికి 60, 10 శాతానికి 15, 100 శాతానికి 150. ఈ నిర్ణయం టర్మ్ ప్లాన్ రాసేటప్పుడే జరగాలి, ఆ రోజు బోర్డు ముందు నిలబడి కాదు.

రెండో విషయం కోతల గుర్తులు. పీరియడ్లు పోతే ఏది తగ్గించాలో ముందే గుర్తు పెట్టుకోవాలి. శాతాల్లో భిన్నాన్ని శాతంగా మార్చడం, భాగం కనుక్కోవడం తప్పనిసరి. వీటికి ఒక్క పీరియడ్ కూడా తగ్గించకూడదు. పెరుగుదల, తగ్గుదల శాతాల్ని అవసరమైతే లాభనష్టాల పాఠంలో కలిపి చెప్పొచ్చు, అక్కడ ఎలాగూ అదే పని. అభ్యాసంలో ఒకే రకం లెక్కలు పదిహేను ఉంటే ఐదు చాలు. ఈ గుర్తులు లేనప్పుడు మనం చేసేది ఒక్కటే. పోయిన పీరియడ్ల మేరకి ప్లాన్ మొత్తాన్ని కిందికి జరుపుతాం. అలా జరుగుతూ పోతే భారమంతా సంవత్సరం ఆఖరి పాఠాల మీద పడుతుంది. మీ చివరి రెండు పాఠాలు ప్రతి ఏడూ పరుగులో పోయేది ఇందుకే. ఏ టర్మ్‌లో పోయిన పీరియడ్ల నష్టం ఆ టర్మ్‌లోనే సర్దుకోవాలి, అవతలి టర్మ్‌కి అప్పు పెట్టకూడదు.

ఇప్పుడు వారం ప్లాన్. అన్నింట్లోకీ దీని మీదే ఎక్కువ ఆలోచన పెట్టండి. ఇయర్ ప్లాన్ మరీ దూరం నుంచి చూస్తుంది, రోజు ప్లాన్ మరీ దగ్గరగా చూస్తుంది. పాఠానికీ పాఠానికీ మధ్య ముడి పడేది వారంలోనే. వారానికి ఒకే ఒక ప్రశ్న రాయండి: ఈ వారం మొదట్లో చేయలేనిది ఏది వారాంతానికి చేయగలుగుతారు? శాతాల మొదటి వారానికి అది ఇలా ఉంటుంది. భిన్నం, దశాంశం, శాతం మూడింట్లో ఒకటి ఇస్తే మిగతా రెండూ రాసి, మూడూ ఎందుకు సమానమో చెప్పగలగాలి. ఆ వారంలోని నాలుగు పీరియడ్లూ ఈ ప్రశ్నకి నాలుగు మెట్లు. మొదటి రోజు 10×10 గళ్ల కాగితం మీద రంగు వేయించి, 37 గళ్లు అంటే 37/100, 0.37, 37 శాతం ఒకటేనని చూపించడం. రెండో రోజు 3/5 లాంటి భిన్నాల హారాన్ని 100 చేసి శాతం రాయడం. మూడో రోజు వెనక్కి రావడం, శాతాన్ని దశాంశంగా, సూక్ష్మ రూపంలో భిన్నంగా రాయడం. నాలుగో రోజు 3/8 లాంటివి, 100తో గుణిస్తే 37.5 వచ్చేవి.

'100తో గుణించు' అన్న సూత్రం నాలుగో రోజుకి పెట్టడం కావాలని చేసిందే. మొదటి రోజే ఇచ్చేస్తే పిల్లలు 3/5కి 60 అని టకటకా రాసేస్తారు, పాఠం వచ్చినట్టే కనబడుతుంది. రెండో వారంలో 24కి 18 అనగానే దేన్ని దేనితో భాగించాలని అడుగుతారు. మొదటి రెండు రోజులూ గళ్లతో, సమాన భిన్నాలతో చేసినవాళ్లకి ఆ అనుమానం తక్కువ. మెట్ల వరుస ఇలా ఎందుకు ఉందో వారం ప్లాన్‌లో ఒక వాక్యం రాసుకోండి. ఆ వాక్యం లేకపోతే తొందరలో ఉన్న రోజున మీరే మెట్లు తారుమారు చేస్తారు.

ముందు చెప్పిన ఎనిమిది వారాల ఎడం సంగతి కూడా ఇక్కడే చూడాలి. శాతాలు పదిహేనో వారంలో అయితే, పదమూడు, పద్నాలుగు వారాల ప్లాన్‌లో ఒక వరుస అదనంగా ఉండాలి. నేను దానికి 'ముందుచూపు ప్రశ్నలు' అని పేరు పెట్టుకున్నాను. ఆ రెండు వారాలూ చెప్పేది నిష్పత్తి. కానీ రోజూ మొదటి ఐదు నిమిషాల్లో ఒక భిన్నాల లెక్క ఉంటుంది. ఒక రోజు 2/5కి సమాన భిన్నం, ఇంకో రోజు 80లో 3/4. నిష్పత్తి పాఠం నుంచి పీరియడ్ ఏమీ తీసుకోవడం లేదు. పదిహేనో వారం వచ్చేసరికి ఎవరికి ఏది పోయిందో మీకు ముందే తెలుస్తుంది, వాళ్లకి కొంత తిరిగి వస్తుంది కూడా. ఇంటి పనిలో కూడా అంతే. ఐదు లెక్కలిస్తే నాలుగు ఈ వారానివి, ఒకటి నెల కిందటిది. ఏ నెల కిందటి లెక్క ఇవ్వాలో పటం చూసి ఎంచుకోండి. పాతది కదా అని ఏదో ఒకటి ఇవ్వకండి, ముందు వచ్చే పాఠానికి పనికొచ్చేదే ఇవ్వండి.

రోజు ప్లాన్ దగ్గరికి వద్దాం. ఇది అర పేజీ దాటక్కర్లేదు. పైన రాసిన విషయాలు మళ్లీ ఇక్కడ ఎత్తి రాయకండి. నాలుగు ప్లాన్లలో ఒకే వాక్యం నాలుగుసార్లు ఉంటే పని పెరుగుతుంది తప్ప బంధం పెరగదు. రోజు ప్లాన్ తేల్చాల్సింది మూడే: ఏ ఉదాహరణలు, పిల్లలు ఎక్కడ తప్పు చేస్తారు, పీరియడ్ చివర్లో ఏ ప్రశ్న అడగాలి. శాతాల రెండో రోజునే తీసుకోండి. పీరియడ్ 40 నిమిషాలు. మొదటి ఐదు నిమిషాలు నిన్నటి గళ్ల కాగితం మీద ఒక ప్రశ్న, 2/5కి రెండు సమాన భిన్నాలు. తర్వాత పది నిమిషాలు 3/5. వంద గళ్లని ఐదు సమాన భాగాలు చేస్తే భాగానికి 20, మూడు భాగాలకి 60. ఆ పక్కనే లవానికీ హారానికీ 20తో గుణకారం చూపించాలి. తర్వాతి పది నిమిషాలు 7/20, 9/25 పిల్లల చేత బోర్డు మీద. ఇంకో పది నిమిషాలు నోటుపుస్తకాల్లో 1/4, 11/50, 13/20, ఆఖర్లో 3/8. ఇది ఈ దారిలో ఎందుకు తేలిగ్గా రావడం లేదో చెప్పమనండి. నాలుగో రోజు పాఠానికి తలుపు ఇక్కడే తెరుచుకుంటుంది. చివరి ఐదు నిమిషాలు చిన్న కాగితం మీద ఒకే ప్రశ్న: 4/25 ఎంత శాతం, ఎలా వచ్చిందో ఒక వాక్యంలో రాయండి.

ఆ కాగితాలకి మార్కులు వేయకండి, తప్పుల రకాన్ని బట్టి కుప్పలు పెట్టండి. 16 అని రాసి కారణం కూడా చెప్పినవాళ్లు ఒక కుప్ప. 79 శాతం అని రాసేవాళ్లు కొందరు ఉంటారు. ఎక్కడినుంచి వచ్చిందా అని చూస్తే, 25ని 100 చేయడానికి 75 కలిపి, అదే 75ని 4కీ కలిపారు. వాళ్లకి శాతం అర్థంకాక కాదు. సమాన భిన్నం అంటే గుణకారం అన్న సంగతి మొదటి టర్మ్‌లోనే జారిపోయింది. ఇంకొందరు 4.25 శాతం అని రాస్తారు. వాళ్లకి భిన్నం గీతకీ దశాంశ బిందువుకీ తేడా తెలియడం లేదు. ఈ రెండు కుప్పలకీ మందు వేరు. మొదటివాళ్లకి గళ్ల కాగితం మీద 4/25ని, 79/100ని రంగు వేయించి పక్కపక్కన పెట్టండి. ఒకటి పావు కంటే తక్కువ, ఇంకోటి ముప్పావు కంటే ఎక్కువ, ఇవి సమానమెలా అవుతాయని వాళ్లే అడుగుతారు. రెండోవాళ్లకి 4/25 ఒకటి కంటే ఎక్కువా, తక్కువా అన్న ప్రశ్న నుంచి మొదలుపెట్టాలి. ఇద్దరికీ శాతాల సూత్రాన్ని ఇంకోసారి గట్టిగా చెప్పి లాభం లేదు.

ఈ కుప్పలే రేపటి ప్లాన్‌ని నిర్ణయిస్తాయి. తప్పు రాసినవాళ్లు క్లాసులో నాలుగో వంతు లోపు ఉంటే రేపటి మొదటి ఐదు నిమిషాల్లో, ఆ పిల్లల పక్కన నిలబడి సరిచేయొచ్చు. సగం దాకా ఉంటే ఆ ఖాళీ పీరియడ్‌ని రేపే వాడేయండి, మూడో మెట్టు ఎక్కకండి. ఈ హద్దులు నేను పెట్టుకున్నవే, మీ క్లాసుని బట్టి కొంచెం అటూఇటూ మార్చుకోవచ్చు. మార్పు జరిగితే కింది నుంచి పైకి కూడా రాయాలన్నది మాత్రం మరిచిపోవద్దు. రోజు ప్లాన్ జరిగితే వారం ప్లాన్‌లో పెన్సిల్‌తో దిద్దండి. ఆ వారం ఖాళీ పీరియడ్ ముందే వాడేసి ఉంటే టర్మ్ ప్లాన్ తీసి కోత గుర్తు చూడండి. పై నుంచి కిందికి మాత్రమే రాసే ప్లాన్లు క్లాసు నుంచి విడిపోక తప్పదు.

అందుకే అన్నీ ఒకేసారి రాయకూడదు కూడా. ఇయర్ ప్లాన్, పటం సంవత్సరం మొదట్లో. టర్మ్ ప్లాన్ టర్మ్‌కి ముందు. వారం ప్లాన్లు రెండేసి వారాలకి మించి ముందు రాయొద్దు. రోజు ప్లాన్ నిన్నటి కాగితాలు చూశాక ముందు రోజు సాయంత్రం. మీ స్కూల్లో నెలకి సరిపడా లెసన్ ప్లాన్లు ముందే అడిగితే ఉదాహరణల వరకు రాసి ఇవ్వండి, మొదటి ఐదు నిమిషాల గడి ఖాళీగా వదిలి ఆ రోజుకి నింపండి. ఫార్మాట్‌లో అభ్యసన ఫలితాలు అన్న గడి ఉంటుంది కదా, అక్కడ వారం ప్రశ్న రాయండి. 'శాతం భావనను అవగాహన చేసుకుంటారు' అన్న వాక్యం తనిఖీకి సరిపోతుందేమో గానీ, వచ్చిందో లేదో తేల్చుకోవడానికి మీకు పనికిరాదు.

దారం తెగిందో లేదో చూసుకోవడానికి నెలకోసారి రెండు పరీక్షలు పెట్టుకోండి. పది నిమిషాల పని. ఏదో ఒక రోజు ప్లాన్ తీసి, ఇది ఏ వారం ప్రశ్నకి మెట్టు అని అడగండి. జవాబు దొరక్కపోతే ఆ రోజు పుస్తకంలో తర్వాతి పేజీ కాబట్టి చెప్పారు, అంతే. తర్వాత టర్మ్ చివరి లెక్కల్లో ఒకటి తీసుకుని కిందికి వెతకండి. '40 శాతం 60 అయితే మొత్తం ఎంత' అన్నది ఏ వారంలో, ఏ రోజు పిల్లలు సొంతంగా చేశారు? ఆ రోజు దొరక్కపోతే పరీక్షలో ఆ లెక్క చేసే పిల్లలు కూడా దొరకరు. టర్మ్ ఇంకా మిగిలి ఉండగానే తెలిస్తే దానికి ఒక పీరియడ్ వెతికి ఇవ్వొచ్చు.

మొదటి ఏడాదే పన్నెండు పాఠాలకీ ఇంత వివరంగా చేయాలని కూర్చుంటే టెన్షన్ తప్ప ఏమీ మిగలదు. పటం, పీరియడ్ల లెక్క మొత్తానికి వేయండి. టర్మ్ చివరి లెక్కలు, వారం ప్రశ్నలు మాత్రం ఈ ఏడాది భిన్నాలు, దశాంశాలు, నిష్పత్తి, శాతాలు, లాభనష్టాలు అన్న ఒక్క వరుసకే రాయండి. రేఖాగణితం వరుస వచ్చే ఏడాది చూసుకోవచ్చు, అది సంఖ్యల వరుస మీద పెద్దగా ఆధారపడదు. ఇయర్ ప్లాన్‌లో ప్రతి పాఠం పక్కన అనుకున్న పీరియడ్లు, అయిన పీరియడ్లు అని రెండు గడులు పెట్టి, పాఠం అయిన రోజే రెండోది నింపండి. భిన్నాలకి 15 అనుకుంటే 19 అయ్యాయని తేలితే, వచ్చే ఏడాది 19 నుంచే లెక్క మొదలుపెట్టి, ఆ నాలుగు ఏ పాఠంలోంచి తేవాలో కోత గుర్తులు చూసి తేల్చుకోవచ్చు.